లింక్ కామెంట్‌లోనే ఆగిపోయింది, పోస్ట్ ఊరు దాటింది

ఫేస్‌బుక్‌లో తెలుగు వార్తల పేజీలు చూసేవాళ్లకు ఒక వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది: ‘పూర్తి వివరాలకు లింక్ ఫస్ట్ కామెంట్‌లో’. పైన ఒక ఫొటో కార్డు, దాని మీద పెద్ద అక్షరాల్లో సగం వార్త, కింద ఈ వాక్యం. లింక్ పోస్ట్‌లోనే పెడితే ఫేస్‌బుక్ రీచ్ తొక్కేస్తుందన్నది దీని వెనకున్న నమ్మకం. అందులో కొంత నిజం ఉండొచ్చు. అయితే ఏది పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి అన్నదాన్ని రీచ్ ఒక్కదానికే వదిలేస్తే జరిగే నష్టం అడ్మిన్‌కి కనబడదు. అది పేజీ బయట జరుగుతుంది కాబట్టి.

పోస్ట్‌ని ఎవరైనా తమ గోడ మీదో, ఏదో గ్రూపులోనో షేర్ చేస్తే ఫొటో వెళుతుంది, క్యాప్షన్ వెళుతుంది. కామెంట్ వెళ్లదు. గ్రూపులో చూసినవాళ్లు అసలు పోస్ట్ తెరిచి, కిందికి దిగి వెతుక్కుంటే తప్ప అది కనబడదు. అంత ఓపిక ఎవరికుంటుంది? స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో వేసినా అంతే. క్యాప్షన్‌కి కాళ్లున్నాయి, కామెంట్‌కి లేవు. అందుకే ఏ ముక్క గురించైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: పోస్ట్ ఇక్కణ్నుంచి కదిలిపోతే ఈ ముక్క లేకపోయినా ఫర్వాలేదా? ఫర్వాలేదు అనుకున్నదే కామెంట్‌కి పోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్లాట్ బుకింగ్ మొదలవుతోంది. ఒక పోర్టల్ తన పేజీలో ఇలా పెట్టింది: ‘విద్యార్థులకు ముఖ్య గమనిక! స్లాట్ బుకింగ్ రేపటి నుంచే. ఏయే సర్టిఫికెట్లు కావాలి? లింక్ ఫస్ట్ కామెంట్‌లో.’ మొదటి చిక్కు ‘రేపు’. ఈ పోస్ట్ మూడు రోజుల తర్వాత ఏదో కాలేజీ పేరెంట్స్ గ్రూపులో తేలినప్పుడు కూడా రేపే అంటూ ఉంటుంది. రెండోది, కౌన్సెలింగ్ అధికారిక వెబ్‌సైట్ ఏదో ఎక్కడా లేదు. ఆ గ్రూపులో ఉన్న ఒక తండ్రికి కామెంట్ కనబడదు, గూగుల్‌లో వెతుకుతాడు, అచ్చం అలాంటి పేరే ఉన్న ఇంకేదో సైట్‌లో హాల్ టికెట్ నంబరు కొడతాడు.

ఇదే పోస్ట్ ఇంకోలా రాస్తే: ‘టీజీ ఈఏపీసెట్ మొదటి విడత స్లాట్ బుకింగ్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు. అధికారిక సైట్: tgeapcet.nic.in. ర్యాంకు కార్డు, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు దగ్గర పెట్టుకోండి. ఎవరికి ఏది తప్పనిసరో వివరంగా మా కథనంలో, లింక్ కామెంట్‌లో.’ తేదీ, సైట్ పేరు క్యాప్షన్‌లోకి వచ్చాయి, ఫొటో కార్డు మీదా ఉంటే మరీ మంచిది. పోర్టల్ సొంత కథనం లింక్ కిందికి పోయింది, ఎందుకంటే అది చదవకపోయినా ఆ విద్యార్థికి గడువు దాటిపోదు. ఇలా రాస్తే క్లిక్కులు తగ్గుతాయని న్యూస్ డెస్క్‌లో ఎవరో అంటారు. కొన్ని తగ్గుతాయి కూడా. ఆ క్లిక్కులు గడువు తేదీని దాచిపెట్టి సంపాదించినవి, వాటి గురించి బెంగపడక్కర్లేదు.

ఇక రీచ్ మాటకి వద్దాం. అమెరికాలో ఫీడ్‌లో జనం ఏం చూస్తున్నారో చెబుతూ మెటా ఈమధ్య ప్రచురించిన నివేదికల్లో, 90 శాతానికి పైగా వీక్షణలు బయటి లింక్ లేని పోస్టులవే. దీన్ని చూపించి ‘లింక్ పెడితే శిక్ష’ అనేవాళ్లు ఉన్నారు. జనం పెట్టే పోస్టుల్లో ఎక్కువ భాగానికి అసలు లింకే ఉండదు కదా, ఆ అంకె ఒక్కటే శిక్షకు రుజువు కాదు. లింక్ పోస్టులు తక్కువ మందికి చేరడానికి ఇంకో మామూలు కారణం కూడా ఉంది. పోస్ట్‌లోనే లింక్ పెడితే వచ్చే లింక్ కార్డు బొమ్మ అడ్డంగా, 1200×630 కొలతలో ఉంటుంది. ఫొటో కార్డు 1080×1350లో నిలువుగా చేస్తారు. ఒకే వెడల్పులో పెట్టి చూస్తే మొదటిది రెండోదానిలో సగం ఎత్తు కూడా ఉండదు. ఫోన్ తెర నిండా ఉన్నదాని దగ్గర వేలు ఆగుతుంది.

కాబట్టి వాదన మానేసి కొలవడం మేలు. రెండు వారాల పాటు ఒకే రకం కథనాలను, రోజులో దాదాపు ఒకే వేళలో, సగం లింక్ కార్డుగానూ సగం ఫొటోతో కామెంట్ లింక్‌గానూ పెట్టాలి. ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారో సైట్ లెక్కల్లో విడిగా తెలియాలంటే లింకు చివర ఈ గుర్తులు తగిలించాలి, లింక్ కార్డుకి మొదటిది, కామెంట్ లింక్‌కి రెండోది:

```
?utm_source=facebook&utm_medium=social&utm_content=caption
?utm_source=facebook&utm_medium=social&utm_content=comment
```

తర్వాత చూడాల్సింది రీచ్ కాదు, సైట్‌కి వచ్చినవాళ్ల సంఖ్య. ఫొటో పోస్ట్ 20,000 మందికి చేరి కామెంట్ నుంచి 60 మంది వచ్చారనుకుందాం. లింక్ కార్డు 8,000 మందికే చేరి 120 మంది వచ్చారనుకుందాం. పేజీ ఇన్‌సైట్స్‌లో మొదటిది గెలిచినట్టు కనబడుతుంది, సైట్ లెక్కల్లో రెండోది గెలిచింది. మీ పేజీలో ఇది తలకిందులుగా కూడా రావచ్చు. అసలు ఏ పని కోసం ఆ పోస్ట్ పెట్టారన్నదాన్ని బట్టే గెలుపు. చాలా పేజీలు రీచ్ స్క్రీన్‌షాట్ చూపించి సంతోషపడతాయి, సైట్‌కి ఎవరూ రాలేదేమిటని నెలాఖరున మళ్లీ తలపట్టుకుంటాయి.

కామెంట్‌లోనే పెట్టాలని తేల్చుకున్నారా, అయితే పని సరిగ్గా చేయాలి. ఎక్కువగా చెడేది వేళ దగ్గర. పోస్ట్‌ని ఉదయం ఆరింటికి షెడ్యూల్ చేస్తారు. కామెంట్ పెట్టాల్సిన మనిషి ఎనిమిదింటికి ఆఫీసుకొస్తాడు. ఈలోగా వచ్చినవాళ్లు ‘లింక్ ఏది బ్రో’ అని రాసి వెళ్లిపోతారు. ఫస్ట్ కామెంట్‌ని కూడా షెడ్యూల్ చేసే టూల్ వాడాలి, లేదా మనిషి ఉన్న వేళకే పోస్ట్ పెట్టాలి. రెండోది, కామెంట్ పెట్టేటప్పుడు పేజీ పేరుతో ఉన్నారో సొంత ప్రొఫైల్‌తో ఉన్నారో చూసుకోవాలి. సొంత పేరుతో పడిన లింక్‌ని జనం నమ్మరు, నమ్మకూడదు కూడా. లింక్ అతికించాక దాని ప్రివ్యూ కార్డు వచ్చేదాకా ఆగి, కామెంట్ పోస్ట్ చేసి, పిన్ చేయాలి. ఫేస్‌బుక్ కామెంట్లను మామూలుగా వచ్చిన వరుసలో చూపించదు, తనకు ముఖ్యమనిపించినవి పైకి తెస్తుంది. పిన్ చేయకపోతే మీ ‘ఫస్ట్’ కామెంట్ పదిహేనోది అయిపోవచ్చు. చివరగా పేజీకి సంబంధం లేని ఇంకో ఫోన్‌లో తెరిచి చూడాలి. అడ్మిన్‌కి కనబడేదే పాఠకుడికీ కనబడుతుందన్న హామీ లేదు.

లింక్ కామెంట్లలో వెతుక్కోవడం జనానికి అలవాటు చేస్తే, ఆ అలవాటు మోసగాళ్లకూ పనికొస్తుంది. మీ లోగోనే పెట్టుకుని, పేరులో ఒక అక్షరం మార్చి, కింద ఇంకో లింక్ వేసేవాళ్లుంటారు. పేజీ ప్రొఫెషనల్ డాష్‌బోర్డులోని మోడరేషన్ అసిస్ట్‌లో లింకులున్న ఇతరుల కామెంట్లను దాచే నియమం పెట్టుకోవచ్చు. ఉద్యోగాలు, పరీక్షలు, ప్రభుత్వ పథకాల పోస్టులకు ఇది లేకుండా కామెంట్ లింక్ జోలికి పోవద్దు.

ఇన్‌స్టాగ్రామ్‌లో లెక్కే వేరు. అక్కడ క్యాప్షన్‌లో లింక్ నొక్కినా తెరుచుకోదు, కామెంట్‌లో నొక్కినా తెరుచుకోదు. పేజీ నడిపేవాళ్లు ఫేస్‌బుక్ పోస్ట్‌నే ఇన్‌స్టాకి కూడా టిక్కు పెట్టి పంపిస్తారు. ‘లింక్ ఫస్ట్ కామెంట్‌లో’ అన్న వాక్యం అక్కడికీ వెళుతుంది, కామెంట్ మాత్రం వెళ్లదు. ఇన్‌స్టాకి క్యాప్షన్ విడిగా మార్చుకోవాల్సిందే. లింక్‌ని బయోలో (ఐదు దాకా పెట్టుకోవచ్చు), లేదా స్టోరీలో లింక్ స్టికర్‌గా పెట్టాలి. యూట్యూబ్ షార్ట్స్‌దీ ఇదే బాధ: 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ కామెంట్లలోనూ డిస్క్రిప్షన్‌లోనూ లింకులు పనిచేయవు. పెద్ద వీడియోకి పిన్ చేసిన కామెంట్‌లో లింక్ పెట్టే అలవాటును షార్ట్స్‌కీ తెచ్చుకున్నవాళ్లు ఇప్పటికీ కనబడతారు.

హ్యాష్‌ట్యాగులను కామెంట్‌లో దాచడం ఇన్‌స్టాలో ముప్ఫై ట్యాగుల కాలం నాటి ముచ్చట. ముప్ఫై ట్యాగులు క్యాప్షన్ కింద గడ్డివాములా ఉంటాయి కాబట్టి కామెంట్‌లోకి తోసేవారు. 2021లోనే ఇన్‌స్టాగ్రామ్ మూడు నుంచి ఐదు చాలు, వాటిని క్యాప్షన్‌లోనే పెట్టండి అని సలహా ఇచ్చింది. 2025 డిసెంబరులో ఐదుకు మించకుండా పరిమితే తెచ్చింది. ఐదు ట్యాగులను దాచడానికి వేరే గది ఎందుకు? చివరి వరుసలో పెడితే సరి.

చివరి వరుస అని ఊరికే అనలేదు. ఇంగ్లిష్‌వాళ్లు ట్యాగును వాక్యం మధ్యలో ఇమిడ్చేస్తారు, తెలుగులో అది కుదరదు. మన విభక్తులు మాటకి అతుక్కుంటాయి. #పోచంపల్లి ఒక ట్యాగు, #పోచంపల్లిలో ఇంకో ట్యాగు, #పోచంపల్లికి మూడోది. ‘#హైదరాబాద్‌లో’ అని రాస్తే పొల్లుకీ ‘లో’కీ మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. అది లేకుండా రాసినవాళ్ల ట్యాగు మళ్లీ వేరు. ఇలా చీలిన ట్యాగును నొక్కితే మీ పోస్టులు తప్ప ఇంకేం రావు. వాక్యాన్ని వాక్యంగా రాసి, విభక్తి లేని మాటలను కింద ట్యాగులు చేయడమే దారి.

ఇన్‌స్టా క్యాప్షన్‌లో ‘మరిన్ని’ నొక్కకముందు కనబడేది దాదాపు 125 అక్షరాలే. ఈ లెక్కలో గుణింతపు గుర్తు కూడా విడి అక్షరమే. ‘తెలుగు’ మనకు మూడు అక్షరాలు, యంత్రానికి ఆరు. అంటే చేతిలో ఉన్నవి పది పదిహేను మాటలు. డబ్బు తీసుకుని చేసిన ప్రచారమైతే ఆ సంగతి ఆ మాటల్లోనే ఉండాలి. దేశంలోని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో తెచ్చిన మార్గదర్శకాలు ఇదే చెబుతాయి: ‘ప్రకటన’ అన్న గుర్తు ట్యాగుల గుంపులోనో, ‘మరిన్ని’ నొక్కితే తప్ప కనబడని చోటో ఉండకూడదు. ఇక కామెంట్‌లో పెట్టడం గురించి చెప్పేదేముంది.

సవరణకీ ఇదే వర్తిస్తుంది. కౌన్సెలింగ్ తేదీ మారిందనుకోండి. ‘తేదీ మారింది, గమనించగలరు’ అని కామెంట్ పెట్టి పిన్ చేసే పేజీలున్నాయి. అప్పటికే ఆ పోస్ట్ నలభై గ్రూపుల్లో తిరుగుతుంటే అక్కడ పాత తేదీయే నిలబడి ఉంటుంది. అదే క్యాప్షన్‌ని ఎడిట్ చేసి, మొదటి వరుసలో ‘సవరణ:’ అని కొత్త తేదీ రాస్తే, షేర్ అయినచోట్ల కూడా అసలు పోస్ట్ మారిన మాటలతోనే కనబడుతుంది. ఫొటో కార్డు మీద అచ్చయిన పాత తేదీ, జనం అప్పటికే తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్లు మాత్రం మారవు. వాటికోసం సవరించిన కార్డుతో మళ్లీ ఒక పోస్ట్ పెట్టక తప్పదు.