గౌరవనీయ సిబ్బందికి మెట్ల మార్గము

అపార్ట్‌మెంట్ సంఘాలకు ఈమధ్య సంస్కారం పట్టుకుంది. లిఫ్ట్ పక్కన అంటించే నోటీసుల్లో ఎవరినీ చిన్నబుచ్చకూడదని తీర్మానాలు చేస్తున్నారు. మంచిదే. అలా సంస్కరించుకున్న ఒక నోటీసు సంగతి చూడండి. పాత కాగితం మీద "పనిమనుషులు లిఫ్ట్ ఎక్కరాదు" అని ఉండేది. కొత్తది లామినేషన్ కూడా చేయించారు: "గౌరవనీయ గృహ సహాయక సిబ్బంది మెట్ల మార్గమును వినియోగించుకోగలరు."

ఎంత ఎదిగామో చూశారా! ఐదో అంతస్తుకి ఎక్కేది వాళ్ళే, మోకాళ్ళు అవే. కాకపోతే ఇప్పుడు గౌరవంగా ఎక్కుతున్నారు.

ఇంతటి వాక్యం ఊరికే పుట్టదు. ఆదివారం పొద్దున సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చుంటే పుడుతుంది. చర్చ "పనిమనిషి" దగ్గర మొదలవుతుంది. "పనమ్మాయి అందామండీ" అంటారు సెక్రటరీ గారు. ఆవిడకి మనవలున్నారని ట్రెజరర్ గారు గుర్తుచేస్తారు. "అయితే మెయిడ్ అనేద్దాం" అంటారు ఇంకొకరు. ఇంగ్లీషులో అంటే అన్నట్టు కాదని మనకో గట్టి నమ్మకం. "గృహ సహాయకురాలు" అనేసరికి అందరి మొహాలూ వెలుగుతాయి. అంతలో మూడో అంతస్తులో వంటకి వచ్చేది మగాయన అని ఎవరికో తడుతుంది. అక్కడ ఒక గీత పడుతుంది: "సహాయకురాలు/సహాయకుడు". గీత రుచి మరిగాక ఆగుతారా? నివాసితుడు/నివాసితురాలు, అద్దెదారుడు/అద్దెదారురాలు, కాపలాదారుడు/కాపలాదారురాలు అంటూ పేజీ నిండా గీతలే. టిఫిన్ చల్లారిపోతుంది. చివరికి "గౌరవనీయ చేర్చండి, బాగుంటుంది" అని ప్రెసిడెంటు గారు సెలవిస్తారు. ఏకగ్రీవం. లిఫ్ట్ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. అది ఎజెండాలో లేదు మరి.

గీతల రోగానికి మందు మన భాషలోనే ఉంది, అదీ ఉచితంగా. వచ్చాడు, వచ్చింది అంటూ ఏకవచనంలో పడితేనే ఆడా మగా తేల్చాలి. వచ్చారు అంటూ బహువచనంలోకి వెళ్తే ఆ గొడవే లేదు. నివాసితులు, అద్దెకుండేవారు, వంట చేసేవారు, కాపలా ఉండేవారు అంటే అందరూ వచ్చేస్తారు. ఆ ఒక్క "రు" అక్షరం కోసం మిగతా ప్రపంచంలో కొన్ని భాషలవాళ్ళు తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. మనవాళ్ళేమో చేతిలో పెట్టుకుని గీతలు గీస్తున్నారు.

అసలు జబ్బు గీతలు కాదు, చేర్చడం. మన సంఘాల దృష్టిలో సంస్కరించడమంటే ఉన్నదానికి ఇంకాస్త తగిలించడం. 2023లో సుప్రీంకోర్టు స్త్రీల గురించిన మూస మాటలపై న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం తెచ్చింది. అందులో "కెరీర్ ఉమన్" అనే మాటకి బదులుగా ఏం రాయమన్నారో తెలుసా? ఉత్త "ఉమన్". ఎక్కువైన విశేషణాన్ని తీసి పక్కన పెట్టారు, అంతే. మన కార్యవర్గానికి అప్పజెప్పి ఉంటే "ఉద్యోగ బాధ్యతలతో శోభిల్లు గౌరవ మహిళామణి" అయ్యేది.

ఇక నోటీసులోని రెండో అంశం. "గృహలక్ష్ములు తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి ఉదయం 7.30 లోపు గుమ్మం ముందు ఉంచవలెను." పాతదాంట్లో "ఆడవాళ్ళు" అని ఉండేది, ఇప్పుడు లక్ష్మీదేవులయ్యారు. ప్రమోషన్ వచ్చింది, చెత్త డబ్బా చేతిలోనే ఉంది. పొగడ్త తొడిగినా మూస మూసే.

ఇలాంటి వాక్యాన్ని బాగుచేసేటప్పుడు "ఆడవాళ్ళు" బదులు ఏ పదం పెట్టాలా అని వెతకడం దండగ. ముందు వాక్యం మొత్తాన్ని పక్కనపెట్టి, ఏం జరగాలని దీన్ని రాశారో మనుషుల పేరెత్తకుండా ఒక ముక్కలో చెప్పుకోవాలి. ఇక్కడ జరగాల్సింది ఏమిటి? రెండు రకాల చెత్త రెండు డబ్బాల్లో ఉండాలి, బండి వచ్చేలోపు బయట ఉండాలి. ఆ ముక్కలోంచే కొత్త వాక్యం కట్టాలి: "తడి చెత్త ఒక డబ్బాలో, పొడి చెత్త ఇంకో డబ్బాలో వేసి ఉదయం 7.30 లోపు గుమ్మం బయట పెట్టండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు చుట్టి విడిగా ఇవ్వండి." ఎవరు పెట్టాలో రాయనే లేదు. "పెట్టండి" అంటే చదివినవాళ్ళందరికీ తగులుతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు కూడా ఈ బాధ్యతను చెత్త పుట్టించే ప్రతి ఒక్కరి మీదా పెట్టాయి. అరటిపండు తిన్నవారు అయ్యగారైతే తొక్క కూడా అయ్యగారిదే.

గృహలక్ష్ముల వాక్యంలో ఇంకో చిల్లు ఉంది, దాన్ని కార్యవర్గం గమనించలేదు. ముగ్గురు మగవాళ్ళు ఉండే ఫ్లాట్‌లో గృహలక్ష్మి లేదు. నోటీసు ప్రకారం వాళ్ళ చెత్తకి దిక్కెవరు? మూస మాట కొందరిని నొప్పించి ఊరుకోదు, కొందరికి తప్పించుకునే దారి కూడా ఇస్తుంది.

సభ్యుల వివరాల ఫారం ఇంకో కళాఖండం. మొదటి గడిలోనే "కుటుంబ యజమాని (తండ్రి/భర్త) పేరు". 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డుకి ఇంటి పెద్ద ఎవరంటే, పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళలో అందరికంటే పెద్దావిడ. పాస్‌పోర్టుకి తల్లి పేరొక్కటి రాసినా చాలని 2016 డిసెంబరులోనే ప్రభుత్వం చెప్పేసింది. దేశం దాటడానికి అక్కర్లేని నాన్నగారు సెల్లార్‌లో బైక్ పెట్టుకోవడానికి కావాల్సి వచ్చారు. ఇంతకీ ఆ గడి ఎందుకు? పైపు పగిలి కింది ఫ్లాట్‌లోకి నీళ్ళు కారుతుంటే ఫోన్ చేయడానికి. కారుతున్నది ఇక్కడ, ఆ భర్త గారు ఉన్నది దుబాయ్‌లో. కాబట్టి గడిలో అదే అడగండి: "అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? వారు ఎత్తకపోతే ఇంకెవరికి?" రెండు పేర్లు, రెండు నంబర్లు. ఎవరికి ఎవరేమవుతారో తెలుసుకోవాలన్న కుతూహలం ఉంటే పేరంటాలకి వెళ్ళి తీర్చుకోవచ్చు.

బ్యాచిలర్ల దగ్గరకొస్తే కార్యవర్గం పనితనం పూర్తిగా బయటపడుతుంది. పాత మాట: "బ్యాచిలర్లకు ఫ్లాట్లు అద్దెకివ్వరాదు." కొత్త మాట: "కుటుంబ విలువలు గల నివాసితులకు ప్రాధాన్యత." మనిషిని గుమ్మంలోంచే తిప్పి పంపడం అలాగే ఉంది, కారణం చెప్పే నిజాయితీ కూడా పోయింది. ఎందుకయ్యా అని గుచ్చి అడిగితే, తాగి రాత్రిళ్ళు పాటలు పెడతారంటారు. సరే, రోగం చప్పుడైతే మందు కూడా చప్పుడికే వేయాలి కదా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రిని 10 నుంచి ఉదయం 6 దాకా లెక్కపెట్టి, ఇళ్ళుండే చోట ఆ వేళ 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. నోటీసులో డెసిబెల్స్ అక్కర్లేదు. "రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పక్క ఫ్లాట్‌లోకి వినబడేంత చప్పుడు చేయకూడదు. టెర్రస్ మీద వేడుకలకూ ఇదే వర్తిస్తుంది" అంటే చాలు.

ఈ ముసాయిదా చదివి వినిపించగానే సెల్లార్‌లో నిశ్శబ్దం. ఎందుకంటే క్రితం నెల టెర్రస్ మీద అర్ధరాత్రి దాకా డీజే పెట్టింది బ్యాచిలర్లు కాదు, మనవడి బర్త్‌డేకి సాక్షాత్తూ ప్రెసిడెంటు గారు. పాత వాక్యం ఆయన్ని అంటుకోదు, ఆయనకి పెళ్ళయింది కనుక. కొత్త వాక్యం అంటుకుంటుంది. తిరగరాసిన నిబంధన సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవాలంటే, దాన్ని రాసినవాళ్ళ మీదే ముందు పెట్టి చూడాలి. వాళ్ళు కుర్చీలో కదిలితే కుదిరినట్టు. "కుటుంబ విలువలు" అన్నప్పుడు ఒక్కరూ కదల్లేదు.

ఇక లిఫ్ట్.

ఏం జరగాలని రాశారన్న ప్రశ్న ఇక్కడా వేద్దాం. మొదటి జవాబు: చెత్త డబ్బాలు కారి లిఫ్ట్ కంపు కొడుతోంది. అలాగైతే డబ్బా మీద రాయండి, మనిషి మీద కాదు: "మూత లేని, కారే డబ్బాలు లిఫ్ట్‌లోకి తేకూడదు." రెండో జవాబు: పొద్దున స్కూళ్ళ వేళ రద్దీ. అయితే "ముందు వచ్చినవారు ముందు" అని రాయండి. మూడో జవాబు: బరువు. లిఫ్ట్‌లో రేకు మీద చెక్కి ఉంటుంది చూడండి, 6 మంది, 408 కిలోలు అని. అంటే తలకి 68 కిలోలు. ఆ రేకు ఎవరి కులం, ఎవరి జీతం, ఎవరి చెప్పులు అని అడగదు. ఎంత బరువని మాత్రమే అడుగుతుంది.

మూడు జవాబులూ అయిపోయాయి. నాలుగోది చెప్పండి. చెప్పరు. గొంతు తగ్గించి "అది కాదండీ, వాళ్ళతో పాటు ఇరుగ్గా..." అని నసుగుతారు. ఆ నసుగుడే అసలు వాక్యం! దాన్నే గౌరవనీయ, సహాయక, మార్గము, వినియోగించుకోగలరు అంటూ పట్టుబట్ట చుట్టి గోడకి తగిలించారు. సిగ్గుండాలి. మీ ఎంగిలి కంచాలు ముట్టుకోవచ్చు, మీ పిల్లల్ని ఎత్తుకోవచ్చు, మీ దేవుడి గది తుడవచ్చు. ఆరడుగుల ఇనప గదిలో అర నిమిషం పక్కన నిలబడితే మాత్రం మైల పడిపోతారా? గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్ఫై దగ్గర. దాన్ని భుజాన వేసుకుని ఐదంతస్తులు ఎక్కేవాళ్ళని "సిబ్బంది గారూ" అని పిలిస్తే బరువు తగ్గుతుందా? అంటరానితనం రద్దయిందని రాజ్యాంగం పదిహేడో అధికరణంలో రాసుకుని డెబ్భై ఏళ్ళు దాటింది, ఇంకా నోటీసుకి మర్యాదైన మాట వెతుకుతున్నారు!

ఈ వాక్యానికి మర్యాదైన మాట లేదు. అడుగున చెప్పదగ్గ పని ఏదీ లేనప్పుడు తిరగరాయడం కుదరదు, కొట్టేయాలి. రెండు లిఫ్ట్‌లున్న చోట ఒకదాన్ని సామానుకి కేటాయించుకోవచ్చు: "ఫర్నిచర్, సిలిండర్లు, సిమెంటు బస్తాలు, చెత్త డబ్బాలు ఈ లిఫ్ట్‌లోనే తేవాలి, ఎవరు తెచ్చినా." అప్పుడు కొత్త ఫ్రిజ్‌తో పాటు ప్రెసిడెంటు గారు అందులో ఎక్కుతారు. చేతిసంచీతో వచ్చిన వంటావిడ రెండోదాంట్లో వెళ్తారు.

ఇది ఒప్పుకోవడానికి కార్యవర్గం ఇంకో మీటింగ్ పెట్టుకుంటుంది. పెట్టుకోనివ్వండి. ఈలోగా ప్రెసిడెంటు గారి కుక్క రోజూ రెండుపూటలా లిఫ్ట్‌లోనే దిగి లిఫ్ట్‌లోనే ఎక్కుతోంది. దాని గురించి ఏ కాగితం మీదా ఒక్క ముక్క లేదు.