దెయ్యం హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది

మా బావమరిది సౌండ్ మిక్సింగ్ చేస్తాడు. ఈమధ్య "మూడో మేడ మెట్లు" అనే దెయ్యం షార్ట్ ఫిల్మ్ చూస్తూ యూట్యూబ్‌లో రియాక్షన్ వీడియో పెట్టాడు. మాటలు బాగానే చెప్పాడు. టైటిల్ దగ్గరే బద్ధకించి అసలు వాళ్లది మక్కీకి మక్కీ దించేశాడు: "మూడో మేడ మెట్లు | అఫీషియల్ | ఫుల్ షార్ట్ ఫిల్మ్ | 4K | రియాక్షన్".

టైటిల్‌కి 100 అక్షరాల దాకా చోటుంది గానీ ఫోన్‌లో అంతా కనబడదు, తోక తెగిపోతుంది. ఆ తోకలోనే పాపం "రియాక్షన్" ఉంది. దాంతో జనం సినిమా అనుకునే వచ్చారు. "దెయ్యం హెడ్‌ఫోన్స్ పెట్టుకుందేంటి?" అని ఒకరు, "ఈయన కుర్చీలోంచి లేస్తే గానీ దెయ్యం రాదా?" అని ఇంకొకరు. మొదటి 30 సెకన్లలోనే ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపించే గ్రాఫ్ మెట్ల మీంచి జారిపడ్డట్టు కింద పడింది.

డిస్క్రిప్షన్ సంగతి ఇంకా ఘోరం. అదీ అక్కణ్ణుంచి తెచ్చి అతికించిందే. "మా టీమ్ ఏడాది కష్టం, ఆశీర్వదించండి" అని ఉంటే ఎవరో నిజంగానే ఆశీర్వదించి, తర్వాతి సినిమాలో వేషం అడిగారు. మావాడు "చూద్దాం" అన్నాడు!

"ఒరేయ్, ఇందులో నువ్వు చెప్పిన కొత్త సంగతేంటి?" అని అడిగాను.

"అడుగుల చప్పుడు ఆగిపోయాకే భయమేస్తుంది బావా. దెయ్యాన్ని చూపించకుండా మౌనంతో భయపెట్టారు."

"మరి అదే ముందు పెట్టు."

టైటిల్ ఇలా మారింది: "చప్పుడు ఆగితే భయమెందుకు? సౌండ్ ఇంజనీర్ రియాక్షన్ | మూడో మేడ మెట్లు". వాడి మాట ముందుకొచ్చింది. సినిమా పేరు వెనక్కి వెళ్లినా మాయం కాలేదు, వెతికేవాళ్లకు దొరుకుతుంది. "అఫీషియల్", "ఫుల్" మాత్రం తీసిపారేశాం. అవి వాళ్ల సొత్తు, పైగా మన వీడియోకి అబద్ధాలు.

డిస్క్రిప్షన్‌లో "మరిన్ని" నొక్కకుండానే కనబడేవి మొదటి రెండు మూడు లైన్లు. అందుకని సినిమా పేరు, తీసినవాళ్ల ఛానల్ పేరు, అసలు వీడియో లింకు అక్కడే పెట్టించాను. "ముందు అది చూసి రండి" అని కూడా రాయించాను. మావాడికి ప్రాణం పోయినంత పనైంది.

"పేరు వేశాంగా, ఇక కాపీరైట్ క్లెయిమ్ రాదుగా?" అన్నాడు ఆశగా.

వస్తే వస్తుంది. కాపీలు పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ చూసేది వీడియోలోని బొమ్మనీ శబ్దాన్నీ, డిస్క్రిప్షన్‌లోని మర్యాదని కాదు. ఎంత ముక్క వాడాడు, ఎక్కడ ఆపి మాట్లాడాడు అన్నది వేరే లెక్క. అది టైటిల్‌తో తేలదు.

ఇప్పుడు వ్యూస్ తగ్గాయి, కామెంట్లు మాత్రం శబ్దం గురించే వస్తున్నాయి. వేషం అడిగినాయన ఫొటోలు పంపుతూనే ఉన్నాడు.