గడియారాల పోలిక వెనక మరుగైన లైబ్నిజ్: మనసు, దేహం ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయి?

మనసుకూ దేహానికీ ఉన్న సంబంధం గురించి జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ చెప్పినది తత్వశాస్త్ర పుస్తకాల్లో చాలాసార్లు రెండు గడియారాల కథగా మిగిలిపోయింది. 1696లో ఆయనే ఇచ్చిన ఉదాహరణ అది. రెండు గడియారాలు ఎప్పుడూ ఒకే సమయం చూపాలంటే మూడు దారులున్నాయి. ఒకటి, వాటి మధ్య ఏదో ఒక ప్రభావం పాకడం. ఒకే చెక్కకు వేలాడదీసిన రెండు లోలకాలు క్రమంగా ఒకే లయకు రావడాన్ని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ అంతకుముందే గమనించాడు. రెండోది, ఒక పనివాడు పక్కనే కూర్చుని క్షణక్షణం సరిచేయడం. మూడోది, రెండింటినీ మొదటి నుంచే తప్పిపోనంత నేర్పుగా తయారుచేయడం. లైబ్నిజ్ ఎంచుకున్నది మూడో దారి. దాన్నే పూర్వస్థాపిత సామరస్యం అన్నాడు.

ఆ పోలిక సులువుగా అర్థమవుతుంది. కానీ అది ఆయన సిద్ధాంతానికి చేసిన మేలు కన్నా కీడే ఎక్కువని నా అభిప్రాయం. మనసు ఒక యంత్రం, దేహం మరో యంత్రం, దేవుడు రెండింటికీ ఒకేసారి తాళం తిప్పి వదిలేశాడన్న బొమ్మ చూస్తే, కష్టమైన ప్రశ్నను దేవుడి మీదకు నెట్టేసినట్టే అనిపిస్తుంది. అసలు వాదన అక్కడ లేదు.

అది మొదలయ్యేది భౌతికశాస్త్రంలో. మనసుకు విస్తీర్ణం, అంటే చోటు ఆక్రమించే గుణం, లేదు, దేహానికి ఉన్నదంతా విస్తీర్ణమే అని ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ అన్నప్పుడు, అలాంటి మనసు దేహాన్ని ఎలా కదిలిస్తుందని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లోనే ఉత్తరం రాసి నిలదీసింది. డెకార్ట్ ఇచ్చిన జవాబులు ఆమెను తృప్తిపరచలేదు. తర్వాతి తరంలో ఒక సర్దుబాటు వినిపించింది: ప్రపంచంలో చలనం మొత్తం మారదు కాబట్టి మనసు కొత్త చలనాన్ని పుట్టించలేదు, ఉన్న చలనం దిశను మాత్రం తిప్పగలదు. లైబ్నిజ్ దీన్ని డెకార్ట్‌కే ఆపాదించాడు, డెకార్ట్ రాతల్లో మాత్రం ఇది ఇంత స్పష్టంగా కనిపించదు.

ఆ సర్దుబాటు ఎందుకు నిలవదో చూడటానికి చిన్న లెక్క చాలు. ఒక కణం తూర్పుకు 5 వేగంతో పోతోంది. మనసు దాన్ని ఉత్తరానికి తిప్పింది, వేగం 5గానే ఉంది. దిశను పట్టించుకోకుండా కొలిస్తే ఏమీ మారలేదు. కానీ తూర్పు వైపు చలనం 5 నుంచి 0కు పడిపోయింది, ఉత్తరం వైపు 0 నుంచి 5కు పెరిగింది. దిశతో కలిపి కొలిచే చలనం కూడా మొత్తం మీద మారదన్నది నియమం. అలాంటప్పుడు ఆ తేడాను మరో వస్తువు భరించాలి. మనసుకు ద్రవ్యరాశి లేదు, అది భరించలేదు. అంటే దిశ తిప్పడం కూడా చలనాన్ని పుట్టించినంత నిషిద్ధమే. ఈ నియమం తెలిసి ఉంటే డెకార్ట్ కూడా సామరస్య సిద్ధాంతానికే వచ్చేవాడని 1714 నాటి తన రచన ‘మోనాడాలజీ’లో లైబ్నిజ్ రాశాడు. ఇక ఫ్రెంచ్ తత్వవేత్త మాల్‌బ్రాంష్ చెప్పినట్టు దేవుడే ప్రతిసారీ కలగజేసుకుంటాడనడం లైబ్నిజ్ దృష్టిలో ఎడతెగని మహిమను ఒప్పుకోవడమే, దాన్ని వివరణ అనలేం.

దీనికి మోనాడ్‌ల వాదన తోడవుతుంది. దేహం భాగాల పోగు, ఆ భాగాలూ పోగులే. ఎక్కడో నిజమైన ఏకత్వం లేకపోతే పోగుకు వాస్తవికత ఉండదు. ఆ ఏకత్వమే మోనాడ్. దాన్ని పరమాణువు అనుకోకూడదు: దానికి భాగాలు లేవు కనుక పరిమాణం లేదు, ఆకారం లేదు, బయటి నుంచి లోపలికి ఏదీ ప్రవేశించే వీలూ లేదు. దానిలో ఉండగలిగింది గ్రహింపు, ఒక గ్రహింపు నుంచి మరోదానికి సాగే మొగ్గు మాత్రమే. ప్రతి మోనాడ్ తన చోటు నుంచి ప్రపంచమంతటినీ గ్రహిస్తుంది. చాలా భాగం మసకగా, కొంత స్పష్టంగా.

ఇక్కడే ఫ్రెంచ్ తత్వవేత్త పియర్ బేల్ తన 1697 నాటి నిఘంటువులో పదునైన అభ్యంతరం లేవదీశాడు. ఒక కుక్క హాయిగా రొట్టె తింటోంది. ఎవరో కర్రతో కొట్టారు. ఆ క్షణంలోనే దాని సుఖం నొప్పిగా మారింది. కర్ర ఆ కుక్క ఆత్మను తాకలేదని, నొప్పి ఆత్మలోంచే పుట్టిందని లైబ్నిజ్ అంటున్నాడు. అలాగైతే కర్ర లేకపోయినా ఆ క్షణంలో నొప్పి పుట్టాలి కదా? పైగా సరళమైన, భాగాలు లేని వస్తువు సుఖంలో ఉంటే సుఖంలోనే కొనసాగాలి. తనంతట తాను ఎందుకు మారుతుంది?

రెండో ప్రశ్నకు లైబ్నిజ్ దగ్గర గట్టి జవాబే ఉంది. సరళత అంటే మార్పు లేకపోవడం కాదు, మార్పులన్నీ ఒకే సూత్రానికి లోబడటం. 1, 4, 9, 16 అనే వరుసలో ఏ రెండు సంఖ్యలూ ఒకేలా ఉండవు. అయినా వరుసను నడిపేది ఒకే నియమం. ఆత్మ అలాంటి వరుస.

మొదటి ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు ఇంకా సాహసమైనది. దెబ్బ హఠాత్తుగా వచ్చినట్టు కుక్కకు తోచింది, నిజానికి దాని ఆత్మలో ఏదీ హఠాత్తుగా జరగలేదు. వెనక నిలబడి కర్ర ఎత్తుతున్న మనిషి కూడా ఆ ఆత్మలో అంతకుముందే ఉన్నాడు, కుక్క తనకు తెలిసిందని గుర్తించలేనంత సన్నని గ్రహింపులుగా. ఆ సన్నని గ్రహింపులు ఒక హద్దు దాటి పోగుపడటమే నొప్పి. ఎరుక లేని మానసిక స్థితులున్నాయన్న ఈ ఆలోచన దేవుడి గడియారం కన్నా చాలా విలువైనది, పోలిక వల్ల మరుగున పడిందీ ఇదే.

మరి కర్ర నొప్పికి కారణమని మనం రోజూ అనే మాట అబద్ధమా? కాదంటాడు లైబ్నిజ్. ఒకదానిలో జరిగిన మార్పుకు హేతువు మరోదానిలో ఎక్కువ స్పష్టంగా చదవగలిగితే, ఆ రెండోది మొదటిదానిపై పనిచేసిందని అంటాం. కుక్క ఆత్మలో దెబ్బకు ముందున్న మసక స్థితి కన్నా, మనిషి ఉద్దేశం, కర్ర ఊపు నొప్పిని స్పష్టంగా వివరిస్తాయి. ఆయన దృష్టిలో కారణం అంటే ఏదో ఒక చోటి నుంచి మరో చోటికి పారడం కాదు, వివరణ ఏ వైపు నుంచి తేటగా సాగుతుందన్నదే. పైగా కర్ర, కుక్క దేహం కూడా మోనాడ్‌ల పోగులకు మనకు కనిపించే రూపాలే. అంటే సామరస్యం రెండు భిన్న యంత్రాల మధ్య కుదిర్చిన ఒప్పందం కాదు, అన్ని గ్రహింపులూ ఒకే ప్రపంచానివి కావడమే. గడియారాల బొమ్మలో ఈ సంగతి ఎక్కడా పట్టదు.

ఇంతవరకూ నేను ఆయన వైపే. నాకు అడ్డుపడేది సన్నని గ్రహింపుల దగ్గర. ఏ కుక్క ఆత్మలోనైనా, ఏ దెబ్బకైనా ముందు, దాని జాడ ఉండి తీరాలని సిద్ధాంతమే చెబుతోంది. ఆ జాడ లేని సందర్భం ఎలా ఉంటుందో, దాన్ని ఎలా గుర్తించాలో చెప్పడం లేదు. దేహం వైపు కర్ర బరువు, వేగం, నరం మీద దెబ్బ కొలిచి చూడవచ్చు, అంచనా తప్పితే తప్పిందని తెలుస్తుంది. ఆత్మ వైపు వరుసలోని నియమాన్ని విడిగా ఎవరూ రాయలేదు, రాయబోతే కర్రను చూసే రాయాలి. ఫలానా క్షణంలో నొప్పి అని ఆ వరుసలో ఎందుకు ఉందంటే, ఫలానా క్షణంలో కర్ర పడింది కనుక అనక తప్పదు. రెండు వైపులా సమానంగా పూర్తి వివరణలున్నాయన్న మాటకు ఒక వైపు మాత్రమే రుజువు దొరుకుతోంది. బేల్ కూడా 1702లో తన నిఘంటువు రెండో కూర్పులో పట్టుబట్టింది దాదాపు ఇక్కడే: తనలో ఏముందో తనకే తెలియని ఆత్మ, అంత పొడవైన వరుసను తప్పు లేకుండా ఎలా నడుపుతుందని. స్పష్టమైన ఎరుక అక్కర్లేదు, ఇప్పటి స్థితే తర్వాతి స్థితిని కంటుందని లైబ్నిజ్ జవాబిచ్చాడు. అలా కనడం సాధ్యమేనని ఆ జవాబు చూపిస్తుంది. కుక్కలో జరిగింది అదేనని మాత్రం చూపించదు.