చీర మడత విప్పకుండానే ‘ప్యూర్’ అని ఎలా రాస్తారండీ?

“ప్యూర్ గద్వాల్ పట్టు, ప్యూర్ జరీ, ప్రీమియం క్వాలిటీ, బ్లౌజ్‌తో 6.3 మీటర్లు.” ఈ ఒక్క ముక్క ఎన్ని పేజీల్లో, ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందో! హోల్‌సేల్ వాళ్లు పంపిన మెసేజ్‌ని ఉన్నదున్నట్టు దింపేసి, కింద తమ నంబర్ పెట్టుకుంటారు. చీర మాత్రం కవర్లోంచి బయటికి రాదు. కొనే ఆవిడ ఫోన్ చేసి “బాడీ పట్టా, కాటనా?” అంటే “ఒక్క నిమిషం మేడమ్, కనుక్కుని చెప్తా” అంటారు. చీర మీ చేతిలోనే ఉంది కదా, ఎవర్ని కనుక్కుంటారు?

మా పిన్ని కూతురు ఈమధ్యే అమ్మకాలు మొదలుపెడదామని మొదటి గద్వాల్ చీర, దాంతోపాటు వచ్చిన ఇదే మెసేజ్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. “అక్కా, నువ్వైతే బాగా రాస్తావు, నాలుగు లైన్లు రాసిపెట్టు” అంది. రాయడం సంగతి తర్వాత, ముందు చీర మంచం మీద పరుచు, ఓ టేపు, ఓ నోట్‌బుక్కు తీసుకురా అన్నాను. ముఖం మాడ్చుకుంది గానీ తెచ్చింది.

కొలతతో మొదలుపెట్టాం. చీరని లాగకుండా, ముడతలు మాత్రం పోయేలా చేత్తో సర్ది కొలవాలి. పట్టి లాగితే నాలుగు వేళ్లు ఎక్కువొస్తుంది, కట్టుకునేటప్పుడు ఆ నాలుగు వేళ్లు ఉండవు. కొంగు నుంచి బ్లౌజ్ మొదలయ్యే గీత దాకా ఒక కొలత, బ్లౌజ్ ముక్క విడిగా ఇంకో కొలత. ఈ చీర 5.45 మీటర్లు, బ్లౌజ్ 75 సెంటీమీటర్లు. మెసేజ్‌లో చెప్పిన దానికంటే మొత్తం మీద 10 సెంటీమీటర్లు తక్కువ. అంత చిన్నదానికి గొడవేంటి అనుకోవచ్చు. కాస్త ఒళ్లున్న మనిషి మోచేతి దాకా చేతులు పెట్టించుకుందామనుకుంటే టైలరు దగ్గర ఆ కాస్తే తక్కువపడుతుంది. ఎత్తు కూడా కొలిచాం, 46 అంగుళాలు. పొడుగు మనుషులు ముందు అడిగేది అదే. ఎవరూ రాయనిదీ అదే.

తర్వాత దారం సంగతి. బ్లౌజ్ వైపు కుట్టెయ్యని కొస ఉంటుంది కదా, అక్కడ నిలువుగా ఉన్న పడుగు దారం ఒకటి, అడ్డంగా ఉన్న పేక దారం ఒకటి, విడివిడిగా లాగాలి. పడుగు ఒక రకం, పేక ఇంకో రకం వేసి నేసిన చీరలు బోలెడు. ఒక్క దారం చూసి తీర్పు చెప్పేస్తే మోసపోతాం. అంచు ఉన్న చోట కూడా ఇలాగే తీయాలి. దారాన్ని పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్లు పోసిన స్టీలు పళ్లెం పెట్టుకుని వెలిగించాం. బాడీ దారాలు రెండూ గబగబా మండి, కాగితం కాలిన వాసనతో బూడిదయ్యాయి. అంచు దారాలు మెల్లగా, ముడుచుకుంటూ కాలాయి. మంట తీసెయ్యగానే ఆరిపోయాయి. వెంట్రుకలు కాలిన కమురు వాసన, వేళ్లతో నలిపితే పొడైపోయే నల్లటి మసి. అది పట్టు. పాలియెస్టర్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా అయ్యేది.

ఈ పరీక్షకీ ఓ హద్దుంది. కాటనూ, విస్కోసూ రెండూ కాగితంలాగే కాలతాయి. వాటి మధ్య తేడా ఇది చెప్పదు. అందుకే బాడీ కాటనా, వేరేదా అని నేసినవాళ్ల దగ్గర అడిగించాను. కాటనే అని చెప్పారు. నోట్‌బుక్కులో ఆ మాట పక్కన “నేతగాళ్లు చెప్పింది” అని రాయించాను, మనం చూసిందీ విన్నదీ కలిసిపోకుండా.

ఇక్కడ పిల్లకి టెన్షన్ పట్టుకుంది. “అంటే ఇది డూప్లికేటా అక్కా?” అని. డూప్లికేట్ కాదు తల్లీ, పాతకాలం నుంచీ వస్తున్న గద్వాల్ పద్ధతే అది. కాటన్ బాడీకి పట్టు అంచు, పట్టు కొంగు. ఎండాకాలం పెళ్లికి హాయిగా కట్టుకోవచ్చు. “ప్యూర్ పట్టు” అని రాసినవాడు అబద్ధం ఆడటమే కాదు, చీరకున్న అసలు గొప్పదనాన్ని కూడా తొక్కేశాడు. నాకు ఒళ్లు మండేది అందుకే.

చీర తిరగేసి, బాడీ అంచుని కలుసుకునే చోట వేలు పెట్టి నడపమన్నాను. సన్నటి గట్టులా తగులుతుంది. బాడీ పేక, అంచు పేక అక్కడ ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. అందుకే బాడీ రంగు అంచులోకి రాదు. ముదురు ఆకుపచ్చ బాడీకి ఎర్రంచు అంటే, ఆ ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఒకే పేక ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పోయిన చీరలో అయితే అంచులో బాడీ రంగు కలిసిపోయి కనిపిస్తుంది. ఇలా కలపడానికి మగ్గం దగ్గర ఎంత పని పెరుగుతుందో చూసినవాళ్లకి తెలుసు. ఆ మెసేజ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు!

జరీ దగ్గర మాత్రం చెయ్యి కాస్త బిగబట్టాలి. అంచు కొసలో ఒక పోగు తీసి గోటితో విప్పి చూస్తే, చుట్టూ ఉన్నది ప్లాస్టిక్ పొరా, లోహపు తీగా అన్నది తెలుస్తుంది. ఇక్కడ లోహమే. అందులో వెండి ఎంత, రాగి ఎంత అన్నది గోరు చెప్పదు, కన్నూ చెప్పదు. దానికి మిషన్ పరీక్ష ఉండాలి, లేదా నమ్మకంగా రాసిచ్చిన బిల్లుండాలి. రెండూ లేనప్పుడు “ప్యూర్ జరీ” అని రాసే హక్కు మనకి లేదు.

ఆఖర్న చీరని దండెం మీద వేసి, వెనక నుంచి వెలుతురు పడేలా గజం గజం జరుపుతూ చూశాం. కొంగుకి మూరెడు ఇవతల జుట్టంత సన్నటి వెలుగు గీత. పేక ఒక పోటు తప్పింది. మంచం మీద పరిచినప్పుడు మా ఇద్దరి కంటికీ ఆనలేదు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించాను. తడి తెల్లగుడ్డని లోపలి మూల కాసేపు అదిమితే ఎరుపు లేతగా అంటింది. అదీ రాసుకున్నాం. రంగు పేరు కూడా ట్యూబ్‌లైట్ కింద చూసి కాదు, పగటిపూట నీడలో చూసి రాయాలి.

చివరికి తనే రాసింది ఇలా:

“గద్వాల్ చేనేత చీర. బాడీ కాటన్ (నేసినవారు చెప్పినది), అంచు, కొంగు పట్టు. ముదురు ఆకుపచ్చ, ఎర్రంచు. అంచు పేక మెలేసి కలిపినది. చీర 5.45 మీటర్లు, బ్లౌజ్ 75 సెం.మీ., ఎత్తు 46 అంగుళాలు. జరీ లోహపుది, వెండి శాతం పరీక్షించలేదు. కొంగు దగ్గర ఒక పేక తప్పింది, మూడో ఫొటో చూడండి. ఎరుపు కొద్దిగా దిగుతుంది, మొదటిసారి డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి.”

“ఇన్ని లోపాలు రాస్తే ఎవరు కొంటారక్కా?” అంది. రాయకపోతే కొంటారు, వారం తిరక్కుండా వెనక్కి పంపిస్తారు. రానూపోనూ కొరియర్ నీదే, మడత నలిగిన చీరా నీదే అన్నాను. ధర మాత్రం ఇంకా పెట్టనివ్వలేదు. ఆ తప్పిన పేక చూపించి హోల్‌సేల్ వాళ్లతో ముందు మాట్లాడి రమ్మన్నాను.