లాభం 3.20 లక్షలు.. చేతిలో 30 వేలే!

కిరాణా షాపు పెట్టి ఏడాది దాటినవాళ్లు అకౌంటెంట్‌ని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "లాభం వచ్చిందంటున్నారు, మరి ఆ డబ్బు ఏదండీ?" లాభనష్టాల ఖాతాను ఎంతసేపు చూసినా దీనికి జవాబు దొరకదు. దానికి జత చేసి ఇచ్చే రెండో కాగితంలో ఉంటుంది. అదే బ్యాలెన్స్ షీట్, పాఠ్యపుస్తకాల భాషలో ఆస్తి అప్పుల పట్టీ. చాలామంది దాన్ని బ్యాంకు లోను కోసం అడిగే కాగితం అనుకుని ఫైల్లో పెట్టేస్తారు. నన్నడిగితే చిన్న షాపు యజమాని ముందు చదవాల్సింది దాన్నే.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవే. ఏప్రిల్ 1న ఒకాయన సొంత డబ్బు 5 లక్షలు, బ్యాంకు లోను 3 లక్షలు పెట్టి షాపు తెరిచాడు. ఆ 8 లక్షల్లో షాపు అడ్వాన్సు లక్ష, ర్యాకులు, ఫ్రిజ్, కాటా కలిపి 2 లక్షలు, సరుకు నాలుగున్నర లక్షలు. మిగిలిన 50 వేలు గల్లాలో, బ్యాంకులో ఉన్నాయి. మన దగ్గర వాడే పద్ధతిలో కుడివైపు ఆస్తులు రాస్తారు, ఎడమవైపు ఆ ఆస్తులకు డబ్బు ఎవరు పెట్టారో రాస్తారు. రెండు వైపులా 8 లక్షలే.

కొత్తవాళ్లు తికమకపడేది ఎడమవైపు దగ్గరే. బ్యాంకు లోను అప్పుల వైపు ఉండటం అర్థమవుతుంది. తాను పెట్టిన 5 లక్షలు కూడా అదే వైపు ఎందుకున్నాయి, తన డబ్బు తనకు అప్పెలా అవుతుంది? లెక్కల్లో షాపు వేరు, యజమాని వేరు. షాపు బ్యాంకుకు 3 లక్షలు, యజమానికి 5 లక్షలు బాకీ. తేడా ఏమిటంటే బ్యాంకు తన అంకె తాను రాసుకుంటుంది. యజమానికి మాత్రం ఆస్తుల్లోంచి అందరి అప్పులూ తీసేశాక ఎంత మిగిలితే అంతే. దాన్నే మూలధనం అంటారు. అంటే అది గల్లాలో విడిగా దాచి ఉంచిన డబ్బు కాదు, తీసివేతలో మిగిలిన అంకె.

ఇప్పుడు మార్చి 31కి వద్దాం. అడ్వాన్సు అలాగే లక్ష ఉంది. ర్యాకులు, ఫ్రిజ్ తరుగుదల, అంటే ఏడాది వాడకంలో తగ్గిన విలువ 20 వేలు పోగా లక్షా 80 వేలు. సరుకు 6 లక్షల 20 వేలు. ఖాతా పుస్తకంలో జనం ఇవ్వాల్సిన బాకీలు లక్షా 40 వేలు. నగదు, బ్యాంకు బ్యాలెన్స్ కలిపి 30 వేలు. మొత్తం ఆస్తులు 10 లక్షల 70 వేలు. ఇక అప్పులు చూస్తే, బ్యాంకుకు 60 వేలు అసలు కట్టగా 2 లక్షల 40 వేలు మిగిలింది. డిస్ట్రిబ్యూటర్లకు రెండున్నర లక్షలు ఇవ్వాలి. ఆస్తుల్లోంచి ఈ 4 లక్షల 90 వేలు తీసేస్తే మూలధనం 5 లక్షల 80 వేలు.

మూలధనం 80 వేలు పెరిగింది. ఇంటి ఖర్చులకు నెలకు 20 వేల చొప్పున తీసుకున్నది 2 లక్షల 40 వేలు. ఈ రెండూ కలిపితే 3 లక్షల 20 వేలు, లాభనష్టాల ఖాతా చూపిన లాభం అదే. ఇంటికి తీసుకెళ్లినదాన్ని సొంత వాడకాలు అంటారు. అది షాపు ఖర్చు కాదు, మూలధనంలోంచి తగ్గించాలి. ఇంటికి పంపిన బియ్యం బస్తా, నూనె డబ్బాలు కూడా కొన్న ధరకు ఇందులోకే రావాలి. అవి రాయకపోతే ఏడాది చివర్లో మార్జిన్ పడిపోయినట్టు కనిపిస్తుంది, పాపం పనికుర్రాడి మీద అనుమానం వస్తుంది.

మరి డబ్బు ఎటు పోయింది? రెండు తేదీల షీట్లూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇంటికి 2 లక్షల 40 వేలు, బ్యాంకు అసలుకు 60 వేలు వెళ్లాయి. సరుకు లక్షా 70 వేలు పెరిగింది, లక్షా 40 వేలు బాకీల్లో ఇరుక్కుంది. మొత్తం 6 లక్షల 10 వేలు. దీనికి సర్దుబాటు అయినవి లాభం 3 లక్షల 20 వేలు, డిస్ట్రిబ్యూటర్ల అరువు రెండున్నర లక్షలు, తరుగుదల 20 వేలు. తరుగుదల లాభంలోంచి తగ్గుతుంది గానీ చేతినుంచి డబ్బు పోదు కాబట్టి దాన్ని తిరిగి కలుపుకోవాలి. మొత్తం 5 లక్షల 90 వేలు. తక్కువపడిన 20 వేలే 50 వేల నగదును 30 వేలు చేసింది. అంటే లాభం ఒక్కటే సరిపోలేదు, డిస్ట్రిబ్యూటర్ల అరువు లేకపోతే షాపు ఏడాదంతా నడిచేది కాదు.

ఇంతవరకూ షీటు నిజమే చెబుతోందని నమ్మాం. అప్పుల అంకెలను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో, డిస్ట్రిబ్యూటర్ల ఖాతాలతో సరిచూసుకోవచ్చు. సరుకు, బాకీల సంగతి అలా కాదు, అవి మనం ఎంత అనుకుంటే అంత. అకౌంటెంట్ వచ్చి ర్యాకులు లెక్కపెట్టడు, మనం ఫోన్లో చెప్పిన అంకే వేసుకుంటాడు. సరుకుకు కొన్న ధర, అమ్ముడుపోయే ధర ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది వేయాలన్నది నియమం. కొందరు ఎమ్మార్పీ వేసేస్తారు, అంటే ఇంకా అమ్మని సరుకు మీద లాభం ముందే రాసుకున్నట్టు. కొన్న ధరలోనూ ఒక మెలిక ఉంది. జీఎస్టీ క్రెడిట్ తీసుకునేవాళ్లు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునేవాళ్లు, పన్ను తీసేసి వేయాలి. క్రెడిట్ దొరకని కాంపోజిషన్ స్కీమువాళ్లు పన్నుతో కలిపి వేయాలి.

మన షాపులో అడుగు ర్యాకులు తీసి చూస్తే గడువు తీరిన బిస్కెట్లు, పోయిన పండక్కి తెచ్చి మిగిలిపోయిన సామాన్లు 40 వేల రూపాయల సరుకు తేలిందనుకోండి. బాకీల్లో 50 వేలు ఊరు ఖాళీ చేసి వెళ్లినవాళ్లవి, ఆర్నెల్లుగా అటువైపు రానివాళ్లవి. ఈ 90 వేలు కొట్టేస్తే బ్యాంకు అప్పు ఒక్క రూపాయి తగ్గదు, డిస్ట్రిబ్యూటర్ బిల్లూ తగ్గదు. దెబ్బంతా మూలధనం మీదే. 5 లక్షల 80 వేలు కాస్తా 4 లక్షల 90 వేలవుతుంది. అసలు లాభం 2 లక్షల 30 వేలే, ఇంటికి తీసుకెళ్లింది 2 లక్షల 40 వేలు. అంటే పెట్టుబడిలోంచి 10 వేలు తిన్నాడు. అకౌంటెంట్ తప్పు చేయలేదు, కూడికల్లో తేడా లేదు, అయినా మార్చి 31కి ముందు వేసిన ఆ షీటు చెప్పింది అబద్ధం. అందుకే రెండు వైపులూ సమానమయ్యాయని సంతోషించడంలో అర్థం లేదంటాను. తప్పు సరుకు విలువ వేసినా సమానమే అవుతాయి.

ఇంకొకటి, ఏది ఎప్పుడు కట్టాలి అన్నది. ఈ షాపులో నెలకు అమ్ముడయ్యే సరుకు, కొన్న ధరలో 3 లక్షలు అనుకుంటే, మిగిలిన 5 లక్షల 80 వేల మంచి సరుకు అమ్ముడవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. డిస్ట్రిబ్యూటర్లు ఇచ్చే గడువు మూడు వారాలైతే, నెలకు 3 లక్షల లెక్కన ఆ మూడు వారాల కొనుగోళ్లు 2 లక్షల పైచిలుకే కాబట్టి, రెండున్నర లక్షల బాకీలో కొన్ని బిల్లులకు గడువు ఇప్పటికే దాటి ఉంటుంది. ఒక డిస్ట్రిబ్యూటర్ సరుకు ఆపేసిన రోజే ఇది బయటపడుతుంది, షీటులో మాత్రం ముందునుంచే ఉంది.

ఇలాంటప్పుడు ఓడీ, అంటే ఖాతాలో డబ్బు లేకున్నా ఒక హద్దు వరకు తీసుకునే అప్పు, పెట్టించుకుందామని బ్యాంకుకు వెళ్తారు. మేనేజర్ దాదాపు 10 లక్షల ఆస్తుల మొత్తాన్ని చూసి సరేననడు. మామూలుగా మంచి సరుకు విలువ 5 లక్షల 80 వేలలోంచి డిస్ట్రిబ్యూటర్లకు ఇవ్వాల్సిన రెండున్నర లక్షలు తీసేస్తారు, ఎందుకంటే ఆ మేరకు సరుకుకు డబ్బు మనం ఇంకా కట్టలేదు. మిగిలిన 3 లక్షల 30 వేలలో పావు వంతు మార్జిన్‌గా, అంటే మనమే పెట్టుకోవాల్సిన వాటాగా వదిలేస్తే, ఇచ్చేది రెండున్నర లక్షలకు కాస్త తక్కువే. బిల్లులేని నోటుపుస్తకం బాకీలను చాలావరకు లెక్కలోకే తీసుకోరు.