మెనోపాజ్ తర్వాత బీపీ: మారేది వయసొక్కటే కాదు, ఉప్పుతో శరీరానికున్న లెక్క కూడా

యాభై దాటిన స్త్రీకి బీపీ పెరిగిందని తెలియగానే చుట్టుపక్కల వినిపించే మాటలు రెండు. వయసు వచ్చింది కదా అనేది ఒకటి. ఊరికే టెన్షన్ పడకు అనేది ఇంకొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. వయసుతో రక్తనాళాలు గట్టిపడతాయి, ఆందోళనలో బీపీ పెరుగుతుంది. కానీ నెలసరి ఆగిన తర్వాత శరీరంలో వచ్చే ఒక పెద్ద మార్పు ఈ రెండు మాటల్లోనూ లేదు. అంతకుముందు ఏ ఇబ్బందీ లేకుండా బయటికి పంపించేసిన ఉప్పును ఇప్పుడు శరీరం అంత తేలిగ్గా పంపలేదు. ఈ సంగతి తెలిస్తే ఏం చేయాలన్నది చాలావరకు తేటపడుతుంది.

యౌవనంలో స్త్రీల బీపీ అదే వయసు మగవాళ్లకంటే సాధారణంగా తక్కువగా ఉంటుంది. ఇందులో ఈస్ట్రోజెన్ పాత్ర ఉంది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేస్తుంది. దానివల్ల నాళం గోడల్లోని కండరం సడలి రక్తానికి దారి వెడల్పవుతుంది. ఈస్ట్రోజెన్ ఈ తయారీని పెంచుతుంది. ఇంకోవైపు, ఉప్పునూ నీటినీ శరీరంలో పట్టి ఉంచే రెనిన్, యాంజియోటెన్సిన్ వ్యవస్థ జోరును కూడా అదుపులో ఉంచుతుంది. అండాశయాలు పని తగ్గించాక ఈ రెండు రక్షణలూ బలహీనపడతాయి. నాళాలు మునుపటంత తేలిగ్గా సడలవు. కిడ్నీలు ఎక్కువ ఉప్పును పట్టి ఉంచుతాయి, ఉప్పుతోపాటు నీరూ నిలుస్తుంది. దీనికి తోడు పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, నిద్ర చెడుతుంది, నాళాలను బిగించే నరాల చురుకు పెరుగుతుంది. వీటన్నిటి ఫలితమూ బీపీ పెరగడమే.

ఇదంతా వయసు ప్రభావమే కదా, మెనోపాజ్‌ను ప్రత్యేకంగా ఎందుకు అనాలి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వయసూ మెనోపాజూ కలిసే వస్తాయి కాబట్టి వాటిని విడదీసి చూడటం పరిశోధకులకూ కష్టమే. అందుకే 2006లో వెలువడిన ఒక అధ్యయనం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేసే ఆపరేషన్‌కు సిద్ధమైన 40 మంది స్త్రీలను అందులో పరిశీలించారు. ఎవరికీ బీపీ జబ్బు లేదు. ఆపరేషన్‌కు ముందు ఎక్కువ ఉప్పుతో, తక్కువ ఉప్పుతో భోజనం పెట్టి బీపీ ఎంత మారుతుందో చూశారు. నాలుగు నెలల తర్వాత అదే పరీక్ష మళ్లీ చేశారు. ఉప్పుకు బీపీ స్పందించేవాళ్లు మొదట నూటికి 22 మంది చొప్పున ఉంటే, తర్వాత నూటికి 52 మంది దాకా పెరిగారు. నాలుగు నెలల్లో ఎవరికీ వయసు మీద పడదు. మారింది హార్మోన్లే. ఇది చిన్న అధ్యయనం, ఆపరేషన్‌తో ఒక్కసారిగా వచ్చిన మెనోపాజ్. సహజంగా వచ్చినప్పుడు మార్పు నెమ్మదిగా, కొన్నేళ్లలో జరుగుతుంది. అయినా దిశ మాత్రం అదే.

నెమ్మదిగా రావడమే ఇక్కడ అసలు చిక్కు. నెలసరి క్రమం తప్పే రోజుల్లో వేడి ఆవిర్లు, గుండె దడ, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, నీరసం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటన్నిటికీ మెనోపాజ్ అనే ఒకే పేరు పెట్టేస్తారు. బీపీ పెరిగినవాళ్లలో కొందరికీ ఇవే లక్షణాలు ఉంటాయి. ఎక్కువమందికైతే ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి ఒంట్లో ఎలా ఉందన్న దాన్నిబట్టి బీపీని ఊహించడం కుదరదు. దడ వచ్చినప్పుడు మెనోపాజ్ అనుకుని ఊరుకోవడమూ, బీపీ అనుకుని ఒకే ఒక్క రీడింగ్ చూసి భయపడటమూ రెండూ తప్పుదారే.

హార్మోన్ మాత్రల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల సమస్య వస్తే, దాన్ని బయటినుంచి ఇస్తే సరిపోతుంది కదా అనిపించడం సహజం. కానీ బీపీ తగ్గించడానికి హార్మోన్ చికిత్స ఇవ్వరు. నోటి ద్వారా తీసుకున్న ఈస్ట్రోజెన్ ముందు కాలేయం గుండా వెళ్తుంది. అక్కడ యాంజియోటెన్సిన్‌కు ముడిసరుకైన ప్రొటీన్ తయారీని పెంచుతుంది. అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో మాత్రలు వేసుకున్నవాళ్ల పై అంకె సగటున ఒక పాయింట్ పైచిలుకు పెరిగింది. చర్మం మీద అతికించే ప్యాచ్‌తో ఈ ఇబ్బంది తక్కువ. వేడి ఆవిర్లు భరించలేనంతగా ఉంటే హార్మోన్ చికిత్సకు దాని స్థానం దానికుంది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఏ రూపంలో తీసుకోవాలన్నది డాక్టర్‌తో ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి.

ఇక ఎలా స్పందించాలన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఊహించిన కేసే. యాభై మూడేళ్ల స్త్రీ, నెలసరి ఆగి రెండేళ్లయింది. క్లినిక్‌లో 152/86 వచ్చింది. ఆసుపత్రి వాతావరణంలో బీపీ పెరిగేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, డాక్టర్ వెంటనే మాత్ర రాయకుండా ఏడు రోజులు ఇంట్లో కొలిచి తెమ్మన్నారు.

ఈ ఏడు రోజుల కొలతను సరిగ్గా చేసేవాళ్లు తక్కువ, అందుకే కాస్త వివరంగా చెప్తాను. పై చేతికి పట్టీ కట్టే మెషీన్ కావాలి, మణికట్టుకు కట్టేది అంత నమ్మదగినది కాదు. పట్టీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి. చేయి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే లేని బీపీ కనిపిస్తుంది. కొలిచే ముందు అరగంటపాటు కాఫీ, పొగ, వ్యాయామం వద్దు, మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చేయిని గుండె ఎత్తులో బల్లమీద ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. ఉదయం మాత్రలకు ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి కొలవాలి. వచ్చిన ప్రతి అంకెనూ రాయాలి, నచ్చనిది కొట్టేయకూడదు. వేడి ఆవిరి వచ్చినప్పుడు ఆగి, తగ్గాక కొలవాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయాలి. ఇంటి సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువైతే బీపీ ఉన్నట్టే లెక్క.

ఆమె సగటు 143/81 వచ్చింది. పై అంకె పెరిగి, కింది అంకె మామూలుగానే ఉంది. నాళాలు గట్టిపడే ఈ వయసులో ఎక్కువగా కనిపించే తీరు ఇదే. కింది అంకె బాగానే ఉంది కదా అని సరిపెట్టుకోవడం పొరపాటు. ఈ వయసులో పక్షవాతానికీ గుండె జబ్బుకూ దారి తీసేది ముఖ్యంగా పై అంకే.

డాక్టర్ అడిగిన ప్రశ్నల్లో మూడు విషయాలు బయటపడ్డాయి. మొదటిది, మోకాళ్ల నొప్పికి ఆమె దాదాపు రోజూ ఐబుప్రొఫెన్ వేసుకుంటోంది. ఈ తరహా నొప్పి మాత్రలు కిడ్నీల్లో ఉప్పునూ నీటినీ నిలిపి బీపీని పెంచుతాయి. రెండోది, గురక. మెనోపాజ్ తర్వాత నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ అప్నియా స్త్రీలలో బాగా పెరుగుతుంది. గురక మగవాళ్ల సమస్య అనుకుని చాలాచోట్ల దీని గురించి అడగరు కూడా. మూడోది, పాతికేళ్ల కిందటి గర్భంలో ఆమెకు బీపీ వచ్చింది. ప్రసవం తర్వాత తగ్గిపోయిందని ఆమె మరిచిపోయింది. గర్భంలో బీపీ వచ్చినవాళ్లకు తర్వాతి కాలంలో బీపీ, గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఎవరూ అడగకపోయినా చెప్పాల్సిన సంగతి ఇది.

నొప్పి మాత్ర ఆపించి, వేరే మందూ మోకాలి వ్యాయామమూ ఇచ్చారు. నిద్ర పరీక్షకు పంపారు. ఉప్పు విషయంలో, ఇంట్లో వాడే ఉప్పు ప్యాకెట్ ఎంతమందికి ఎన్ని రోజులు వస్తోందో లెక్క వేయమన్నారు. అర కిలో ప్యాకెట్ ఇద్దరికి ఇరవై అయిదు రోజులు వచ్చింది. అంటే మనిషికి రోజుకు పది గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అయిదు గ్రాముల లోపు, అదీ కొనుక్కునే తినుబండారాల్లోని ఉప్పుతో కలిపి. ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే ఎవరూ తినలేరు. వారం వారం కొంచెంగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. పొటాషియం కలిపిన ఉప్పు కొందరికి మంచిదే గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడితే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు.

రెండు నెలల తర్వాత మళ్లీ ఏడు రోజుల కొలత. సగటు 136/79. ఏడు పాయింట్లు తగ్గడం చిన్న విషయం కాదు. అయినా గీతకు పైనే ఉంది, గర్భం నాటి చరిత్ర కూడా ఉంది. ఇక్కడే చాలామంది ఇంకొన్నాళ్లు చూద్దాం అని నెలలు, ఆపై ఏళ్లు గడిపేస్తారు. నా అభిప్రాయంలో ఇది అన్నిటికంటే ఖరీదైన వాయిదా. ఉప్పు తగ్గించడం, నడక, బరువు తగ్గడం మందుకు పోటీ కాదు, మందు మోతాదును తక్కువలో ఉంచే తోడు. ఆమెకు చిన్న మోతాదులో మందు మొదలుపెట్టారు.

మందు పడకపోతే కారణం తెలిసి ఉండటం మేలు. చివర్లో ప్రిల్ అని వచ్చే మందులతో పొడి దగ్గు రావడం మగవాళ్లకంటే స్త్రీలలో ఎక్కువ. అమ్లోడిపిన్‌తో చీలమండల దగ్గర వాపు కూడా అంతే. ఇవి వస్తే మందు మానేయకుండా మార్పించుకోవాలి, వేరే రకాలు చాలా ఉన్నాయి. ఉప్పును మూత్రంలో పంపే క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ లాంటి మందులు మెనోపాజ్ తర్వాతి బీపీ తీరుకు బాగా సరిపోతాయి. ఇవి మూత్రంలో కాల్షియం పోవడాన్ని కూడా తగ్గిస్తాయి, ఎముకలు పలచబడే వయసులో అది అనుకూలమే. అయితే పెద్ద వయసు స్త్రీలలో ఇవి రక్తంలోని సోడియంను మరీ తగ్గించే ప్రమాదం ఉంది. అందుకే మొదలుపెట్టిన కొన్ని వారాల్లో సోడియం, పొటాషియం రక్తపరీక్ష చేయించాలి. ఈ మందు వేసుకుంటున్నవాళ్లకు కొత్తగా మగత, తికమక, వాంతి వచ్చేలా ఉండటం, తూలు కనిపిస్తే నీరసమేలే అని వదిలేయకుండా అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి.