పది మిల్లీగ్రాముల నిద్ర

నిద్ర పట్టక మెలటోనిన్ కొనబోతే చేతికొచ్చేది తరచుగా 5 లేదా 10 మిల్లీగ్రాముల మాత్ర. 3తో పని కాకపోతే 10 వేసుకుందామన్నది మనకు అలవాటైన లెక్క. ఈ హార్మోన్ దగ్గర ఆ లెక్క బెడిసికొడుతుంది.

మెలటోనిన్ మత్తు మందు కాదు, చీకటి పడిందని ఒంటికి అందే కబురు. అమెరికాలోని ఎంఐటీలో రిచర్డ్ వర్ట్‌మన్ బృందం 50 ఏళ్లు దాటిన నిద్రలేమి బాధితులకు 0.1, 0.3, 3 మి.గ్రా. మోతాదులిచ్చి చూసింది. 2001లో ప్రచురించిన ఆ ఫలితాల్లో 0.3 మి.గ్రా. అన్నిటికంటే బాగా పనిచేసింది. 3 మి.గ్రా. ఒంటి వేడిని తగ్గించడమే కాక, తెల్లవారాక కూడా రక్తంలో మిగిలిపోయింది.

కారణం లెక్కలోనే ఉంది. ఒంట్లో మెలటోనిన్ సుమారు 50 నిమిషాలకోసారి సగమవుతుంది. అర్ధరాత్రి 10 మి.గ్రా. వేసుకుంటే అయిదు గంటల్లో ఆరుసార్లు సగమై దాదాపు 0.15 దగ్గర ఆగుతుంది. అంటే తెల్లవారుజామున చిన్న మోతాదులో సగం ఇంకా ఉందన్నమాట. సూర్యుడు వస్తుంటే ఒంటికి రాత్రి కబురే వినిపిస్తుంది. పొద్దున తల బరువుకు ఇదొక కారణం.

వేళ సంగతి ఇంకా ముఖ్యం. రాత్రి 2 గంటలకు గానీ నిద్ర పట్టని, పదింటికి గానీ లేవని విద్యార్థినే తీసుకుందాం. అతనికి సొంత మెలటోనిన్ ఊరడం మొదలయ్యేది సుమారు పన్నెండింటికి. పడుకునే ముందు మాత్ర వేసుకుంటే, ఒళ్లు అప్పటికే చెబుతున్న మాటను మళ్లీ చెప్పినట్టే. అదే రాత్రి 8 గంటలకు అర మిల్లీగ్రాము తీసుకుంటే ఒంటి గడియారం ముందుకు జరుగుతుంది. నిద్ర అరగంట ముందుకొచ్చాక మాత్ర వేళనూ అరగంట ముందుకు తేవాలి. లేవగానే ఎండలోకి వెళ్లాలి. అలాగని అలారం పెట్టుకుని అయిదింటికే లేచి వెలుతురులో నిలబడితే ఫలితం తిరగబడుతుంది, ఎందుకంటే అతని ఒంటికి అది ఇంకా నడిరాత్రి. మాత్ర వేసుకున్నాక కొందరికి మత్తుగా ఉంటుంది కాబట్టి బండి నడపకూడదు.

పెట్టె మీది అంకెనూ పూర్తిగా నమ్మలేం. కెనడాలో 31 ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అసలు మోతాదు లేబుల్ కంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా తేలింది. 1 మి.గ్రా. సాదా మాత్ర దొరికితే సగానికి విరవొచ్చు. మెల్లగా కరిగే రకాన్ని విరిస్తే మందంతా ఒక్కసారే విడుదలవుతుంది. గమ్మీలను సమంగా కోయడం ఎవరి తరమూ కాదు. 0.3, 0.5 మి.గ్రా. మాత్రలు తేలిగ్గా దొరికేలా చూడాల్సింది తయారీదారులే.

కుంగుబాటుకు ఇచ్చే ఫ్లూవాక్సమిన్ అనే మందు వాడేవారికి ఈ చిన్న మోతాదూ పెద్దదే. కాలేయం మెలటోనిన్‌ను విరగ్గొట్టే దారిని ఆ మందు మూసేస్తుంది. వారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టకూడదు.